"వీడియోలో నన్ను తీసేయండి" అంటే ముఖం బ్లర్ చేస్తే సరిపోదు: ఒక కెమెరా పోలిక వీడియోలో షాట్ షాట్‌కీ ఏం చేశామంటే

కొత్త ఫోన్ చేతికి రాగానే కెమెరా టెస్ట్ కోసం మనమంతా చేసే పని ఒకటే. జనం తిరిగే చోటికెళ్లి షూట్ చేస్తాం. స్కిన్‌టోన్, ఫోకస్, స్టెబిలైజేషన్, మైక్ అన్నీ మనుషులు ఉన్న ఫ్రేమ్‌లోనే తేలతాయి. గోడనీ పూలకుండీనీ తీస్తే కెమెరా సంగతి సగమే తెలుస్తుంది. మరి ఆ ఫ్రేమ్‌లోకి వచ్చినవాళ్లలో ఒకరు మన దగ్గరికొచ్చి "నేను వీడియోలో ఉండకూడదు, తీసేయండి" అంటే?

చాలామంది చెప్పే సమాధానం "ముఖం బ్లర్ చేసేస్తే అయిపోతుంది" అనే. మామూలు వ్లాగ్‌లోనే అది చాలాసార్లు సరిపోదు. కెమెరా రివ్యూలో ఇంకో చిక్కు కూడా ఉంది: మనం చూపించేదే ఆ పిక్సెళ్ల నాణ్యత. వాటి మీద మసక పూస్తే ఆ షాట్ ఎందుకు పెట్టామో ఆ అర్థమే పోతుంది. ఇటీవల రెండు ఫోన్ల కెమెరా పోలిక వీడియో కోసం ఇబ్రహీంపట్నంలో తీసిన ఫుటేజ్‌లో సరిగ్గా ఈ సమస్యే వచ్చింది. ఏ షాట్‌ని ఎలా సర్దామో, ఎందుకు అలా సర్దామో వివరంగా చెప్తాను.

షూట్ ఎక్కడ, ఏం తీశాం

హైదరాబాద్ పక్కనున్న ఇబ్రహీంపట్నం కాదు, విజయవాడ పక్కనున్నది. హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబర్ జాతీయ రహదారి మీద వస్తుంది. ఇక్కడి ఫెర్రీ దగ్గరే పవిత్ర సంగమం ఘాట్ ఉంది. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు బాగా పేరొచ్చింది. సాయంత్రం పూట వెడల్పాటి నీళ్లు, మెట్లు, జనం, తినుబండారాల బళ్లు, ఆ వైపు ఆకాశంలో థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు. డైనమిక్ రేంజ్ టెస్ట్‌కి ఇంతకంటే మంచి చోటు చుట్టుపక్కల లేదు.

రెండు ఫోన్లనూ ఒకే రిగ్ మీద పక్కపక్కనే బిగించి నాలుగు షాట్లు తీశాం. నది మీద నెమ్మదిగా పాన్. మెట్ల వెంట నడుస్తూ స్టెబిలైజేషన్ టెస్ట్. పొగ గొట్టాల మీదికి జూమ్, దాంతోపాటే మైక్ టెస్ట్. చీకటి పడ్డాక లో‌లైట్ షాట్. మధ్యమధ్యలో ఫోటో శాంపిల్స్. అన్నీ 4కె, సెకనుకు 30 ఫ్రేములు.

సామాన్లు సర్దుతుంటే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆవిడ బండి వదిలేసి మా దగ్గరికి వచ్చింది. "బాబూ, మీరు తిప్పుతున్నప్పుడు నేనూ పడుంటాను. నన్ను తీసేయండి" అంది. కారణం ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు కూడా. కారణం చెప్పించుకుని, అది మనకి నచ్చితేనే తీస్తామన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. ఇంట్లో తెలియకుండా పని చేసుకునేవాళ్లుంటారు, ఎవరి నుంచో తప్పించుకుని వేరే ఊరొచ్చి బతికేవాళ్లుంటారు. మన వీడియోలో మూడు సెకన్లు వాళ్ల బతుకులో చాలా పెద్దవి కావచ్చు.

అక్కడికక్కడే చేయాల్సిన పని

"సరే అక్కా, మొత్తం చూపిస్తాను, ఎక్కడెక్కడ ఉన్నారో మీరే చెప్పండి" అని క్లిప్‌లు ప్లే చేసి చూపించాను. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఇంటికెళ్లి వందమంది ఉన్న ఫ్రేమ్‌లో ఆవిడని వెతకడం కష్టం. ఆవిడైతే తన చీర కొంగు కనపడ్డా గుర్తుపడుతుంది. ఒక్కో చోట ఆపి, ఫైల్ పేరు, సెకను, ఫ్రేమ్‌లో ఎటువైపు ఉందో రాసుకున్నాను. గుర్తు కోసం ఆవిడ ఫోటో తీయలేదు. తీసేయమని అడిగిన మనిషిని ఇంకో ఫోటో తీసి దాచుకోవడం కంటే తిక్కపని ఉండదు. "ఆకుపచ్చ చీర, నీలం గొడుగు, ఎడమవైపు బండి" అని మాటల్లో రాసుకుంటే చాలు.

చూస్తూ చూస్తూ ఆవిడ అన్న ఒక మాటే ఆ తర్వాత ఎడిట్ మొత్తాన్నీ నిర్ణయించింది. "మొహం ఒక్కటి మసక చేస్తే చాలదు బాబూ. బండి మీద మా పిల్ల పేరు రాసుంది. మా వాళ్లు ఆ బండి చూసినా నన్నే అనుకుంటారు."

నా నంబర్ ఒక చీటీ మీద రాసిచ్చాను, ఆవిడ నంబర్ తీసుకోలేదు. ఏదైనా గుర్తొస్తే ఆవిడే ఫోన్ చేయొచ్చు. వీడియో ఏ రోజు పెట్టబోతున్నామో కూడా చెప్పాను. అప్పటిదాకా ఆలోచించుకునే వ్యవధి ఆవిడకి ఉంటుంది.

ఎవరి కంటపడకుండా తీయాలి?

ఇక్కడే అసలు విషయం ఉంది. బ్లర్ చేసేటప్పుడు మనం ఊహించుకునే చూపరి ఒక అపరిచితుడు. వాడికి ముఖం కనపడకపోతే ఇంకేమీ తెలియదు. కానీ తీసేయమని అడిగే మనిషి భయపడేది అపరిచితుడి గురించి కాదు, తనని బాగా ఎరిగినవాళ్ల గురించి. ఎరిగినవాళ్లకి ముఖం అక్కర్లేదు. నడక చాలు, నిలబడే తీరు చాలు, గొంతు చాలు, రోజూ బండి పెట్టే చోటు చాలు. పైగా వీడియో టైటిల్‌లో ఊరి పేరు మనమే రాస్తాం, టైమ్ ఎంతో ఆకాశం చెప్తుంది.

కాబట్టి ఎడిట్ టేబుల్ దగ్గర వేసుకోవాల్సిన ప్రశ్న "ముఖం కనపడుతోందా?" కాదు. "ఈవిణ్ణి రోజూ చూసేవాడు ఈ షాట్ చూస్తే ఈవిడే అని చెప్పగలడా?" అన్నది. ఈ ప్రశ్న వేసుకున్నాక తీసేయాల్సినవి మనిషి ఒక్కటే కాదని తెలిసింది. బండి, దాని మీది పేరు, గొడుగు, "పొత్తులూ" అనే కేక కూడా లిస్టులో చేరాయి.

దీన్నిబట్టి నేను పాటించిన వరుస ఇది: ముందు కత్తిరించి చూడటం, కుదరకపోతే క్రాప్, అదీ కుదరకపోతే మళ్లీ తీయడం. బ్లర్ అన్నిటికంటే చివర. బ్లర్ అంటే మనిషిని తీసేయడం కాదు, మనిషి అక్కడే ఉండగా పైన ముసుగు వేయడం. ఆ ముసుగు ఒక్క ఫ్రేమ్‌లో జారినా అయిపోయినట్టే.

షాట్ 1: నది మీద పాన్ - క్రాప్

పాన్ మొత్తం 24 సెకన్లు. ఆవిడ బండి ఆరో సెకను నుంచి పదకొండో సెకను దాకా ఫ్రేమ్‌లో కుడి అంచున, కింది భాగంలో ఉంది. ఈ షాట్ పెట్టింది నీళ్ల రంగు, ఆకాశం హైలైట్లు పోల్చడానికి. ఫైనల్ వీడియో 1080పి. 4కె ఫ్రేమ్ 3840 x 2160 పిక్సెళ్లు, మనకి కావాల్సింది 1920 x 1080. అంటే అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించినా క్వాలిటీ పోకుండా ఎడమ పక్కది మాత్రమే తీసుకోవచ్చు. రంగులు పోల్చడానికి ఆ భాగం సరిపోయింది.

రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, రెండు ఫోన్లకీ ఒకే క్రాప్ వేయాలి. ఒకదానికే వేస్తే పోలిక అన్యాయం. రెండోది, క్రాప్ చేశామని స్క్రీన్ మీద రాయాలి. షార్ప్‌నెస్ చూసే వీక్షకుడు దాన్ని పూర్తి ఫ్రేమ్ అనుకుని తప్పు లెక్క వేసుకోకూడదు.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. రెండు ఫోన్ల మెయిన్ లెన్స్‌లూ ఒకే వెడల్పు చూడవు. ఒక ఫోన్‌లో బండి ఆరో సెకనుకి వస్తే, కాస్త వెడల్పుగా చూసే రెండో ఫోన్‌లో అరసెకను ముందే వచ్చి, ఆలస్యంగా వెళ్లింది. ఘాట్ దగ్గర రాసుకున్న టైమ్‌లు ఒక ఫోన్‌వి మాత్రమే. రెండో ఫోన్ క్లిప్‌లు విడిగా, మొదటి నుంచి చివరిదాకా చూడాల్సిందే. పోలిక వీడియోలు చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతారు.

కంప్యూటర్‌లో ఎడిటర్ తెరవకుండా ఒకే లైనుతో క్రాప్ చేయాలంటే ఇలా చేయొచ్చు. ఇందులో చివరి రెండు అంకెలు క్రాప్ మొదలయ్యే చోటు, ఎడమ అంచు నుంచి 0, పైనుంచి 700 పిక్సెళ్లు:

```
ffmpeg -i ghat_01.mp4 -vf "crop=1920:1080:0:700" -c:v libx264 -crf 16 -c:a copy ghat_01_crop.mp4
```

ఇలా చేస్తే క్రాప్ బయటి పిక్సెళ్లు కొత్త ఫైల్‌లో అసలుండవు. టైమ్‌లైన్‌లో జూమ్ చేసి వదిలేస్తే అవి ప్రాజెక్ట్‌లో అలాగే ఉంటాయి. ఆ క్లిప్‌నే తర్వాత షార్ట్ కోసం నిలువు ఫ్రేమ్‌లో వాడినప్పుడు జూమ్ పోయి ఆవిడ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందుకే క్రాప్ చేసిన ఫైల్‌నే ప్రాజెక్ట్‌లోకి తెచ్చుకోవడం మేలు.

షాట్ 2: నడక - కట్

మెట్ల వెంట నడిచిన క్లిప్‌లో ఆవిడ మాకు చాలా దగ్గరగా ఎదురొచ్చింది. మూడు సెకన్లే, కానీ ముఖం పూర్తిగా, ఫోకస్‌లో. ఇక్కడ క్రాప్ కుదరదు. స్టెబిలైజేషన్ అంటేనే ఫోన్ తనకు తానుగా అంచులు కోసుకుంటూ కుదుపు సర్దడం. దాని మీద మనం ఇంకో క్రాప్ వేస్తే అసలెంత కుదుపు మిగిలిందో వీక్షకుడికి సరిగ్గా తెలియదు.

బ్లర్ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే చూడాల్సింది కుదుపే గానీ ముఖం కాదు. కానీ అంతకంటే తేలిక దారి ఉంది. క్లిప్ 31 సెకన్లు. కుదుపు తెలియడానికి 10 సెకన్ల నడక చాలు. ఆవిడ రాకముందు 14 సెకన్లు శుభ్రంగా ఉన్నాయి. అవే వాడి మిగతాది వదిలేశాం. "తీసేయడం" అన్న మాటకి నిజంగా సరిపోయే పద్ధతి ఇదే. ఎడిటర్‌లో బ్లర్ టూల్ వెతికే ముందు ఈ షాట్‌లో నిజంగా మనకి కావాల్సింది ఎన్ని సెకన్లో లెక్కేసుకుంటే సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

షాట్ 3: జూమ్, మైక్ - కనపడదు, వినపడుతుంది

పొగ గొట్టాల మీదికి జూమ్ చేసిన క్లిప్‌లో మనుషులెవరూ లేరు. అయినా ఇదీ లిస్టులోకి వచ్చింది, ఎందుకంటే వెనకనుంచి ఆవిడ కేక రెండుసార్లు స్పష్టంగా వినిపిస్తోంది. ఈ క్లిప్ మ్యూట్ చేద్దామంటే మైక్ టెస్ట్ కూడా ఇందులోనే. వాయిస్ తగ్గించే ఫిల్టర్ వేద్దామంటే మైక్ ఎలా పట్టిందో అన్నదే మారిపోతుంది. ఏది చేసినా టెస్ట్ అబద్ధమవుతుంది.

చివరికి అదే క్లిప్‌లో కేక లేని తొమ్మిది సెకన్ల ముక్క తీసుకుని, గాలి శబ్దం, నా మాట మాత్రమే ఉన్నచోట పోలిక పెట్టాం. దానికి నేర్చుకోదగ్గ పద్ధతి ఒకటుంది: స్క్రీన్ ఆపేసి, హెడ్‌ఫోన్స్‌తో ఆడియో ఒక్కటే ఒకసారి మొత్తం వినడం. బొమ్మ కనపడుతుంటే చెవి సగమే పనిచేస్తుంది. కళ్లు మూసుకుని విన్నప్పుడే షాట్ 2 మొదట్లో కూడా ఎవరో ఆవిణ్ణి పేరుపెట్టి పిలవడం వినిపించింది. ఆ రెండు సెకన్లూ కత్తిరించాం.

షాట్ 4: లో‌లైట్ - మళ్లీ తీయక తప్పలేదు

అన్నిటికంటే చిక్కు ఇక్కడ. చీకటి పడ్డాక తీసిన ఈ షాట్‌లో వెలుగిచ్చేదే ఆవిడ బండి మీది దీపం, నిప్పులు. ఒక ఫోన్‌లో ఆవిడ నల్లటి ఆకారంలా ఉంది. రెండో ఫోన్ నీడల్ని బాగా లేపుతుంది కాబట్టి చెంపలు, ముక్కు దాకా తెలుస్తున్నాయి. అంటే మెరుగైన కెమెరాయే ఆవిణ్ణి ఎక్కువ పట్టించేసింది. మొదటి ఫోన్‌లో నల్లగా ఉంది కదా అని వదిలేయడానికీ లేదు. ఆ నలుపులో సమాచారం ఉంటుంది. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి బ్రైట్‌నెస్ పెంచితే ఆకారం బయటికొస్తుంది. పైగా బండి మీది పేరు దీపం వెలుగులో చక్కగా చదవొచ్చు.

బ్లర్ చేస్తే? లో‌లైట్ షాట్‌లో వీక్షకుడు చూసేది చీకటి భాగాల్లో నాయిస్ ఎంత, వివరం ఎంత అన్నదే. బ్లర్ ఆ రెండింటినీ చెరిపేస్తుంది. ఫోన్లలో ఇప్పుడొస్తున్న ఆబ్జెక్ట్ ఎరేజర్ లాంటివి వాడి మనిషిని మాయం చేస్తే ఇంకా తప్పు. అక్కడ కనపడే పిక్సెళ్లు ఆ కెమెరా పట్టినవి కావు, సాఫ్ట్‌వేర్ ఊహించినవి. కెమెరా శాంపిల్ అని చూపిస్తూ అది పెట్టలేం.

కాబట్టి ఇంకో సాయంత్రం వెళ్లి, ఘాట్‌కి అవతలి పక్క, మా టీమ్‌లో ఒకరిని దీపం ముందు కూర్చోబెట్టి మళ్లీ తీశాం. ఖర్చు ఒక సాయంత్రం. పాత క్లిప్ మొత్తం తొలగించాం. ఇది అన్ని షూట్‌లకీ కుదరదు. పెళ్లి వీడియోనో, ఊరేగింపో మళ్లీ తీయలేం. అప్పుడు మిగిలేది బ్లరే.

బ్లర్ చేయక తప్పకపోతే

ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్‌తో చెప్తాను, మిగతా ఎడిటర్లలోనూ పని ఇదే వరుసలో ఉంటుంది. Color పేజీలో కొత్త నోడ్ వేసి, Window లో గుండ్రటి ఆకారం ఎంచుకుని మనిషి మీద పెట్టాలి. తర్వాత Tracker తో ట్రాక్ చేయించి, ఆ నోడ్‌లో Blur పెంచాలి. ఫోన్‌లోనే చేసేవాళ్లు కైన్‌మాస్టర్‌లో మొజాయిక్ లేయర్ పెట్టి కీఫ్రేములతో చేత్తో జరుపుకోవచ్చు. మూడు సెకన్ల క్లిప్‌కి అది కష్టమేం కాదు.

తప్పు జరిగేది టూల్‌లో కాదు, మూడు చోట్ల. మనిషి ఫ్రేమ్‌లోకి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు, ఏదైనా అడ్డొచ్చినప్పుడు. అంచు దగ్గర సగం ముఖమే ఉంటుంది కాబట్టి ట్రాకర్‌కి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందుకని ముఖం బాగా కనపడే మధ్య ఫ్రేమ్ దగ్గర మొదలుపెట్టి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి ట్రాక్ చేయించాలి. మధ్యలో స్తంభమో, ఇంకో మనిషో అడ్డొస్తే ట్రాకర్ వాళ్లతో వెళ్లిపోతుంది. అక్కడ ఆపి, చేత్తో సరిచేయాలి. ఈ మూడు చోట్లా కీబోర్డ్ బాణం గుర్తుతో ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడాలి. సెకనుకు 30 ఫ్రేముల్లో ఒక్కటి తప్పినా మామూలుగా ప్లే చేస్తే మనకి తెలియదు, పాజ్ చేసినవాడికి తెలుస్తుంది.

బ్లర్ ఎంత ఉండాలి? ముఖం వరకే కాదు, తల, జుట్టు, భుజాలు కలిపి. ఇంకా మంచిది నిలువెత్తు మనిషికి వేయడం. సన్నటి మొజాయిక్ నమ్మదగ్గది కాదు. గడులు చిన్నవైతే కళ్లు కాస్త చికిలించినా, ఫోన్ దూరం పెట్టి చూసినా ముఖం పోల్చుకోవచ్చు. పైగా మనిషి కదిలేకొద్దీ ఒక్కో ఫ్రేమ్‌లో గడులు ముఖంలోని వేరే వేరే చోట్ల పడతాయి. అన్నీ కలిపితే ఒక ఫ్రేమ్‌లో లేని వివరం వస్తుంది. 2007లో ఇంటర్‌పోల్ వెతికిన ఒక నేరస్థుడు తన ఫోటోల్లో ముఖాన్ని సుడిలా తిప్పేసి పెట్టేవాడు. జర్మన్ పోలీసు నిపుణులు ఆ సుడిని వెనక్కి తిప్పి అసలు ముఖం రప్పించారు. ఎందుకంటే తిప్పడం వల్ల పిక్సెళ్లు చోటు మారాయి గానీ పోలేదు. భద్రత నిజంగా ముఖ్యమైనప్పుడు ఒకే రంగు నిండు పెట్టె వేయడం అన్నిటికంటే గట్టి పద్ధతి. చూడ్డానికి బాగోదు, కానీ దాని కింద ఏమీ మిగలదు.

ఫోటో శాంపిల్స్‌లో దాక్కున్నవి

వీడియో అయిపోయాక ఫోటోల పని. పద్నాలుగు శాంపిల్స్‌లో రెండింట్లో ఆవిడ ఉంది. ఒకటి తీసేశాం, రెండోదాన్ని క్రాప్ చేయొచ్చు అనిపించింది. కానీ అది మోషన్ ఫోటో. షట్టర్ నొక్కిన క్షణం చుట్టూ ఉన్న కొద్ది సెకన్ల వీడియో, చాలా ఫోన్లలో శబ్దంతో సహా, ఆ జేపెగ్ ఫైల్‌లోనే ఉంటుంది. పైకి కనపడే ఫోటోలో మనిషి లేకపోయినా లోపలి వీడియోలో నడిచి వెళ్తూ ఉండొచ్చు. మేం రీడర్ల కోసం ఒరిజినల్ ఫైల్స్ డౌన్‌లోడ్‌కి పెడతాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. షూట్‌కి ముందే మోషన్ ఫోటో ఆఫ్ చేయడం మా చెక్‌లిస్ట్‌లో ఉంది, అయితే ఒక ఫోన్‌లో మోడ్ మార్చగానే అది మళ్లీ ఆన్ అయింది. ఫైల్ సైజు మిగతావాటికంటే బాగా ఎక్కువుంటే అనుమానించి చూడాలి.

ఫోన్ గ్యాలరీలో క్రాప్ చేస్తే చాలా ఫోన్లు ఒరిజినల్‌ని దాచి ఉంచుతాయి, ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. మనకి సౌకర్యమే, కానీ ఈ పనికి కాదు. 2023 మార్చిలో బయటపడిన ఎక్రోపలిప్స్ అనే లోపం గుర్తుండే ఉంటుంది. పిక్సెల్ ఫోన్ల మార్కప్ టూల్‌లో క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్ ఫైల్ చివర పాత బొమ్మ డేటా మిగిలిపోయి, కోసేసిన భాగాన్ని తిరిగి రప్పించగలిగారు. గూగుల్ దాన్ని సరిచేసింది, కానీ అప్పటికే పంచుకున్న ఫైల్స్ అలాగే ఉన్నాయి. అందుకే క్రాప్ చేసిన ఫోటోని కంప్యూటర్‌లో తెరిచి కొత్త పేరుతో, కొత్త ఫైల్‌గా సేవ్ చేయడమే మేలు.

అప్‌లోడ్ అయ్యాక అడిగితే

మా కేసులో ముందే తెలిసింది. చాలాసార్లు వీడియో వచ్చిన వారం తర్వాత మెసేజ్ వస్తుంది. యూట్యూబ్‌లో పెట్టేసిన వీడియో స్థానంలో అదే లింక్‌తో కొత్త ఫైల్ పెట్టలేం. కానీ యూట్యూబ్ స్టూడియోలోని Editor లో మధ్య ముక్క కత్తిరించొచ్చు, బ్లర్ వేయొచ్చు. లింక్, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. ఈ మార్పు ప్రాసెస్ అవడానికి గంటలు పట్టొచ్చు, అప్పటిదాకా జనానికి పాత వీడియోనే కనపడుతుంది. అందుకని ముందు వీడియోని Private లో పెట్టి, ఆ తర్వాత ఎడిట్ మొదలుపెట్టాలి. అక్కడి ముఖం బ్లర్ కూడా అంచుల దగ్గర తప్పుతుంది, కాబట్టి కత్తిరించడానికి వీలుంటే అదే మంచిది.

వీడియోతోపాటు థంబ్‌నెయిల్, షార్ట్స్, కమ్యూనిటీ పోస్ట్, వాట్సాప్ ఛానెల్లో పెట్టిన టీజర్, వెబ్‌సైట్ ఆర్టికల్‌లోని స్క్రీన్‌షాట్లు కూడా చూడాలి. మనిషి ఒక షాట్‌లో ఉంటే ఆ షాట్ ఎన్ని చోట్ల వాడామో అన్ని చోట్లా ఉన్నట్టే. మనం స్పందించకపోతే వాళ్లు యూట్యూబ్‌కే ప్రైవసీ ఫిర్యాదు చేయొచ్చు. అలాంటప్పుడు యూట్యూబ్ అప్‌లోడ్ చేసినవాళ్లకి 48 గంటల గడువిచ్చి, ఆ తర్వాత తానే పరిశీలిస్తుంది.

ఫోన్‌లో డిలీట్ చేస్తే పోయినట్టు కాదు. చాలా గ్యాలరీల్లో 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు. రివ్యూ యూనిట్ కంపెనీకి తిరిగి వెళ్లేముందు ట్రాష్‌తో సహా ఖాళీ చేసి రీసెట్ చేయాలి. ఎడిటర్ కంప్యూటర్‌లోని ప్రాక్సీ ఫైళ్లు, కాష్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

చట్టం ఏమంటుంది?

పబ్లిక్ ప్లేస్ కదా, తీసే హక్కు మనకుంది అని వాదించేవాళ్లుంటారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు, డేటా తొలగించమని అడిగే హక్కు ఇస్తోంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఇంట్లోవాళ్ల కోసం తీసుకునే సొంత వీడియోలకి ఈ చట్టం వర్తించదు. యాడ్స్‌తో డబ్బొచ్చే ఛానెల్‌ని సొంత అవసరం అనడం కష్టం. ఇక ఘాట్‌లో స్నానం చేసేవాళ్లు, బట్టలు మార్చుకునేవాళ్ల వైపు కెమెరా అసలు తిప్పకూడదు. అక్కడ ఎవరైనా వచ్చి అడిగేదాకా ఆగాల్సిన పనే లేదు.

పబ్లిష్ చేసే ముందు చివరి చూపు

ఎక్స్‌పోర్ట్ అయిన ఫైనల్ ఫైల్‌ని మూడుసార్లు చూశాం. ఒకసారి మామూలుగా, ఒకసారి బ్రైట్‌నెస్ బాగా పెంచి, ఒకసారి శబ్దం మాత్రమే. చూసింది ఎడిట్ చేసిన నేను కాదు, ఆ సాయంత్రం ఘాట్‌కి వచ్చి ఆవిడ బండి దగ్గర పొత్తు కొనుక్కున్న మా కెమెరా తమ్ముడు. నేను ఫ్రేములు చూసి చూసి కన్ను అలవాటు పడిపోయి ఉంటాను. వాడు ఆవిణ్ణి నేరుగా చూశాడు, ఎక్కడైనా మిగిలితే వాడే పట్టుకోగలడు. షాట్ 1 క్రాప్‌లో కుడి అంచున నీలం గొడుగు చివర నాలుగు ఫ్రేములు కనపడుతోందని వాడే చెప్పాడు. క్రాప్‌ని లోపలికి జరిపే చోటు లేదు, అందుకని ఆ ముక్కని రెండు ఫోన్ల క్లిప్‌లలోనూ కత్తిరించాం.

ఒక పరిమితి మాత్రం ఉంది. అదే సాయంత్రం ఘాట్‌లో ఇంకో పదిమంది ఫోన్లు ఎత్తి తీస్తూనే ఉన్నారు. వాళ్ల వీడియోల్లో ఆవిడ ఉందో లేదో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మన ఫైళ్లు మాత్రమే: రెండు ఫోన్లు, ఒక కంప్యూటర్, ఒక డ్రైవ్ ఫోల్డర్, ఒక యూట్యూబ్ లింక్. ఆ ఐదు చోట్లా ఆవిడ లేదని చూసుకున్నాకే వీడియో పబ్లిక్ చేశాం.